ఎనిమిదో వారం ఫ్యాన్లకు ఈ వారమే బేరింగులు

సీలింగ్ ఫ్యాన్లు తయారుచేసే కర్మాగారానికి రెండు రకాల గిరాకీ ఉంటుంది. ఫ్యాన్లు ఎన్ని అమ్ముడవుతాయన్నది బయట తేలే విషయం. ఎండలు ఎలా ఉంటాయో, డీలర్లు ఎంత సరుకు ఎత్తుతారో ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి దాన్ని అంచనా వేయాల్సిందే. ఆ ఫ్యాన్లలోకి వెళ్లే బేరింగుల సంగతి వేరు. ఒక్కో ఫ్యానుకు రెండు బేరింగులు పడతాయని తెలుసు, ఏ వారంలో ఎన్ని ఫ్యాన్లు బిగించాలో నిర్ణయించుకున్నారు. ఇక అక్కడ అంచనాకు పనిలేదు, లెక్క కడితే చాలు. ఆ లెక్క కట్టే పద్ధతినే మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్ అంటారు. పరిశ్రమల్లో దాని పొట్టిపేరు ఎమ్మార్పీ. అట్టపెట్టె మీద అచ్చేసే ధరకూ దీనికీ సంబంధం లేదు.

ఇది రాకముందు ప్రతి విడిభాగాన్నీ కిరాణా కొట్లో పప్పు డబ్బాను చూసినట్టే చూసేవారు. నిల్వ ఒక మట్టానికి దిగగానే మళ్లీ తెప్పించడమే నియమం. ఒకసారికి ఎంత తెప్పిస్తే ఖర్చు తక్కువో చెప్పే సూత్రాన్ని 1913లోనే ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజినీరు ప్రచురించాడు. సరుకు రోజూ కొంచెం కొంచెంగా ఖర్చయ్యే చోట ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. కర్మాగారం లోపల అలా జరగదు. ఫ్యాన్లు రోజూ కొన్ని చొప్పున అమ్ముడైనా, మోటార్లను మాత్రం వారానికో విడతగా చేస్తారు. దాంతో బేరింగుల నిల్వ రెండు వారాలపాటు కదలకుండా ఉండి, మూడో వారం ఒక్కసారిగా 800 ఖాళీ అవుతుంది. గతంలో సగటున ఎన్ని వాడారన్నది చూసి పెట్టుకున్న మట్టానికి ఈ కుదుపు ముందుగా తెలియదు. అవసరం లేని వారాల్లో సరుకు నిండుగా ఉంటుంది, కావలసిన వారంలో చాలదు.

ఈ తేడాకు స్వతంత్ర గిరాకీ, ఆధారిత గిరాకీ అనే పేర్లు పెట్టి, రెండింటికీ రెండు పద్ధతులు కావాలని గట్టిగా వాదించినవాడు ఐబీఎమ్‌లో పనిచేసిన జోసెఫ్ ఓర్లికీ. 1975లో ఆయన రాసిన పుస్తకం ఈ రంగానికి మూలగ్రంథమైంది. ఆయనతోపాటు జార్జ్ ప్లోసల్, ఆలివర్ వైట్ 1970లలో అమెరికా పరిశ్రమల్లో ఈ పద్ధతిని విస్తృతంగా ప్రచారం చేశారు. ఇందులోని గణితం కూడిక, తీసివేత, గుణకారం దాటదు. అయితే వేల భాగాలకు ప్రతి వారం చేతితో ఆ లెక్క మళ్లీ కట్టడం అసాధ్యం కాబట్టి, కంప్యూటర్లు కర్మాగారాల్లోకి వచ్చేదాకా ఇది ఆగాల్సి వచ్చింది.

లెక్కకు మొదటి ఆధారం బిల్ ఆఫ్ మెటీరియల్స్, అంటే ఒక వస్తువులో ఏ భాగాలు ఎన్నేసి ఉంటాయో చెప్పే జాబితా. ఇది అంతస్తులుగా ఉంటుంది. అన్నిటికన్నా పైన ఫ్యాను. దాని కింద ఒక మోటారు, మూడు రెక్కలు, ఒక రాడ్డు. మోటారు కింద రెండు బేరింగులు, ఇన్ని గ్రాముల రాగి తీగ, స్టాంపింగులు. ప్రతి అంతస్తులోనూ పైదాన్ని తల్లి అనీ కిందిదాన్ని పిల్ల అనీ అంటారు. రెండో ఆధారం లీడ్ టైమ్, అంటే ఒక పని మొదలుపెట్టినప్పటి నుంచి, లేదా ఒక ఆర్డరు ఇచ్చినప్పటి నుంచి, ఆ వస్తువు చేతికి రావడానికి పట్టే కాలం. మూడోది నిల్వల చిట్టా. ఏది ఎంత ఉంది, ఇప్పటికే చెప్పిన ఆర్డర్ల మీద ఏ వారం ఎంత రావాల్సి ఉంది, అనుకోనిదానికని పక్కన పెట్టుకున్న సేఫ్టీ స్టాక్ ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి.

ఇవి మూడూ కలిసి ఆర్డర్లుగా ఎలా మారతాయో తెలియాలంటే ఒక లెక్కను చివరిదాకా చేసి చూడాలి. ఉదాహరణకు ఒక ఫ్యాన్ల కర్మాగారం ఇప్పుడు మొదటి వారం మొదట్లో ఉందనుకుందాం. గోదాములో 400 ఫ్యాన్లున్నాయి. మొదటి మూడు వారాల్లో పంపాల్సినవి ఏమీ లేవు. నాలుగో వారం 300, ఐదో వారం 300, ఆరో వారం 500, ఏడో వారం 500, ఎనిమిదో వారం 400 డీలర్లకు వెళ్లాలి. విడిభాగాల నుంచి ఫ్యాను బిగించడానికి ఒక వారం పడుతుంది. ఫ్యాన్లకు 100 సేఫ్టీ స్టాక్ పెట్టుకున్నారు. ఈ 100 ఊరికే వచ్చిన అంకె కాదు. వారపు అంచనాలో మామూలుగా వచ్చే పొరపాటు, గణాంకాల భాషలో ప్రామాణిక విచలనం, 60 ఫ్యాన్లనుకుంటే, నూటికి 95 సార్లు సరుకు లోటు రాకుండా ఉండాలన్న లక్ష్యానికి 60ని 1.65తో గుణిస్తారు. 99 వస్తుంది. లీడ్ టైమ్ నాలుగు వారాలై ఉంటే దాన్ని నాలుగు వర్గమూలంతో, అంటే 2తో, మళ్లీ గుణించాల్సి వచ్చేది.

ఫ్యాన్లతో మొదలుపెడితే, నాలుగో వారం 300 పంపాక 100 మిగులుతాయి. అది సేఫ్టీ స్టాకే కాబట్టి ఇంకేమీ చేయనక్కర్లేదు. ఐదో వారం మరో 300 వెళ్లాలి, 100 ఎప్పటిలా మిగలాలి. కాబట్టి నికరంగా 300 కొత్తగా కావాలి. ఆ తర్వాతి వారాల్లో వరసగా 500, 500, 400. ఇవి ఆ వారాల మొదట్లో సిద్ధంగా ఉండాలంటే, బిగింపు ఒక్కో వారం ముందే మొదలవ్వాలి. అంటే నాలుగో వారం 300, ఐదో వారం 500, ఆరో వారం 500, ఏడో వారం 400 ఫ్యాన్ల పని మొదలవుతుంది. వీటినే ప్లాన్డ్ ఆర్డర్లు అంటారు. ప్రతి ప్లాన్డ్ ఆర్డరుకూ రెండు తేదీలుంటాయి, పని మొదలెట్టాల్సినది ఒకటి, సరుకు చేతికి రావాల్సినది ఒకటి. వాటి మధ్య దూరమే లీడ్ టైమ్.

పద్ధతికి గుండెకాయ లాంటి మెట్టు ఇక్కడుంది. తల్లి పని మొదలయ్యే తేదీయే పిల్లకు అవసరమయ్యే తేదీ. ఫ్యాన్లు ఐదో వారానికి కావాలి, మోటార్లు మాత్రం నాలుగో వారానికే కావాలి, ఎందుకంటే బిగింపు అప్పుడు మొదలవుతుంది. కాబట్టి మోటార్ల స్థూల అవసరం నాలుగో వారం 300, ఐదో వారం 500, ఆరో వారం 500, ఏడో వారం 400. రెక్కలకూ ఇవే వారాలు, కాకపోతే మూడింతలు. నాలుగో వారం 900, ఐదో వారం 1500, అలా.

స్థూల అవసరమంతా కొత్తగా చేయాల్సినది కాదు. మోటార్లు 200 నిల్వ ఉన్నాయి, ఇంతకుముందే మొదలెట్టిన ఒక విడత నుంచి మరో 250 నాలుగో వారం మొదట్లో వస్తాయి. ఈ 450లోంచి 300 పోగా 150 మిగులుతాయి. మోటార్లకు కూడా 50 సేఫ్టీ స్టాక్ ఉండాలని ఎవరో ఎప్పుడో కంప్యూటర్లో నమోదు చేశారు. కాబట్టి ఐదో వారం కావలసిన 500కు ఆ 50 కలిపి, ఉన్న 150 తీసేస్తే నికర అవసరం 400 అవుతుంది. ఆరో వారానికి 500, ఏడో వారానికి 400. తీగ చుట్టడం, వార్నిషు పట్టించి కొలిమిలో ఆరబెట్టడం, పరీక్షించడం కలిపి మోటారుకు రెండు వారాల లీడ్ టైమ్. అందువల్ల మోటార్ల పని మూడో వారం 400, నాలుగో వారం 500, ఐదో వారం 400 చొప్పున మొదలవ్వాలి.

ఇప్పుడు బేరింగులు. ఒక్కో మోటారుకు రెండు. నిల్వ 1900, సేఫ్టీ స్టాక్ 200. వీటిని బయట కొంటారు, లీడ్ టైమ్ నాలుగు వారాలు, సరఫరాదారు 2000 కంటే తక్కువ పంపడు. పాత ఆర్డర్ల మీద రావాల్సినవి ఏమీ లేవు.

| వారం | 1 | 2 | 3 | 4 | 5 |
|---|---|---|---|---|---|
| కావలసిన బేరింగులు | 0 | 0 | 800 | 1000 | 800 |
| కొత్త సరుకు రాకపోతే మిగిలేవి | 1900 | 1900 | 1100 | 100 | −700 |

నాలుగో వారం మిగిలేవి 100. సేఫ్టీ స్టాక్ 200 ఉండాలి కాబట్టి 100 తక్కువ. కంప్యూటరు దృష్టిలో అది లోటే. నాలుగో వారానికి 2000 రావాలని ఒక ప్లాన్డ్ ఆర్డరు పుట్టిస్తుంది. నాలుగు వారాలు వెనక్కి లెక్కిస్తే ఆ ఆర్డరు పెట్టాల్సిన తేదీ గడిచిపోయిన వారంలో పడుతుంది. కాలంలో వెనక్కి వెళ్లి ఆర్డరు పెట్టడం కుదరదు కాబట్టి తెర మీద ఎర్రగా ఒక సందేశం వస్తుంది: ఆర్డరు ఇప్పటికే ఒక వారం ఆలస్యం, త్వరపెట్టండి.

కొత్తగా చేరిన కొనుగోలు ఉద్యోగి ఈ సందేశం చూడగానే సరఫరాదారుకు ఫోన్ చేసి, అదనపు రవాణా ఖర్చు ఒప్పుకొని, మూడు వారాల్లో సరుకు తెప్పిస్తాడు. అనుభవం ఉన్నవాడు ముందు పట్టిక రెండో వరస చూస్తాడు. నాలుగో వారం ఏ మోటారు పనీ ఆగడం లేదు, 100 బేరింగులు ఇంకా మిగిలే ఉన్నాయి. నిల్వ నిజంగా సున్నా కిందికి దిగేది ఐదో వారంలో. ఈ రోజు మామూలుగా ఆర్డరు పెట్టినా సరుకు సరిగ్గా ఐదో వారం మొదట్లో వస్తుంది. అప్పుడు 100కు 2000 కలిసి, 800 పోయి, 1300 మిగులుతాయి. త్వరపెట్టాల్సిన పనే లేదు. అవసరానికి వాడుకోవడానికే సేఫ్టీ స్టాక్ పెట్టుకుంటారు. కంప్యూటరు మాత్రం దాన్ని ముట్టకూడని సొమ్ములా కాపాడుతుంది. రెండు లోట్లూ దానికి ఒకటే, ఒక రంగే. ఇలాంటి సందేశాలు రోజుకు పాతిక వస్తే జనం వాటిని చూడటమే మానేస్తారు. అప్పుడు నిజమైన లోటు కూడా ఆ గుంపులోనే కలిసిపోతుంది.

ఆ 1000 బేరింగులు ఎవరికోసం అన్న ప్రశ్నకూ చిట్టాలోనే జవాబు ఉంటుంది. నాలుగో వారం మొదలయ్యే 500 మోటార్లకు, అవి ఆరో వారం బిగించే ఫ్యాన్లకు, ఆ ఫ్యాన్లు ఏడో వారం డీలర్లకు. కింది నుంచి పైకి ఇలా ఆనవాలు పట్టడాన్ని పెగ్గింగ్ అంటారు. అదే దారిలో మరో విషయం కూడా బయటపడుతుంది. ఐదో వారం కావలసిన 800 బేరింగులు ఎనిమిదో వారం అమ్మబోయే 400 ఫ్యాన్ల కోసమే. బిగింపుకు ఒకటి, మోటారుకు రెండు, బేరింగుకు నాలుగు కలిపి ఏడు వారాల దూరం. అందుకే ఎనిమిదో వారం గిరాకీ గురించి నిర్ణయం ఈ వారమే జరగాలి, ప్రణాళిక ఏడు వారాలకన్నా ముందుకు చూడకపోతే కింది అంతస్తుల ఆర్డర్లన్నీ ఆలస్యంగానే పుడతాయి.

ఒకే బేరింగు టేబుల్ ఫ్యాను మోటారులోనూ వాడితే, లేదా మరమ్మతుల కోసం విడిగానూ అమ్మితే, అన్ని వైపుల అవసరాలూ కలిశాకే దాని లెక్క తేల్చాలి. అందుకని ప్రతి భాగానికీ అది కనిపించే అన్ని జాబితాల్లోకెల్లా అట్టడుగు అంతస్తు సంఖ్య ఇస్తారు. తల్లులందరి లెక్కా పూర్తయ్యేదాకా ఆ భాగం జోలికి పోరు.

ఇప్పుడు ఒక డీలరు ఐదో వారం ఆర్డరులో 50 ఫ్యాన్లు తగ్గించాడనుకుందాం. ఐదో వారం ఫ్యాన్ల అవసరం 250, నాలుగో వారం మోటార్ల అవసరం 250, మూడో వారం మొదలెట్టాల్సిన మోటార్లు 350, బేరింగులు 800కు బదులు 700. నాలుగో వారం చివర మిగిలేవి సరిగ్గా 200. సేఫ్టీ స్టాక్ చెక్కుచెదరలేదు కాబట్టి 2000 ఆర్డరు ఐదో వారానికి జరిగిపోతుంది, పెట్టాల్సిన తేదీ ఈ వారం అవుతుంది, ఎర్ర సందేశం మాయమవుతుంది. మర్నాడు ఆ డీలరే మనసు మార్చుకుంటే సందేశం మళ్లీ వస్తుంది. పైన 50 ఫ్యాన్లు అటూ ఇటూ అయితే కింద 2000 బేరింగుల తేదీ ఒక వారం ఊగుతోంది. ఈ వణుకుకు పరిశ్రమలో నెర్వస్‌నెస్ అనే పేరుంది. పెద్ద విడతలుగా ఆర్డరు పెట్టే భాగాల్లో ఇది ఎక్కువ. దీనికి మందు, దగ్గరి వారాల ప్రణాళికను కంప్యూటరు తనంతట తాను మార్చకుండా గడువు గీత గీయడం. గీత లోపలి ఆర్డర్లను మనిషి మాత్రమే మారుస్తాడు. గీత అవతలివి మాత్రం రోజూ చెరిపి మళ్లీ లెక్కకట్టేవే, అందుకే విడుదల చేసేదాకా ప్లాన్డ్ ఆర్డరుకు విలువ పెన్సిలు రాతకున్నంతే.

లీడ్ టైమ్ అంకె కూడా కనిపించేంత స్థిరమైనది కాదు. మోటారుకు రెండు వారాలన్నప్పుడు అందులో యంత్రం మీద నిజంగా గడిచేది కొద్ది గంటలే, మిగతాదంతా వంతు కోసం ఎదురుచూడటం. పని ఆలస్యమవుతోందని ఎవరైనా లీడ్ టైమ్‌ను రెండు నుంచి మూడు వారాలకు పెంచితే, ఆర్డర్లు అన్నీ ఒక వారం ముందే షాపులోకి దిగుతాయి. వరస పొడవవుతుంది, ఎదురుచూపు పెరుగుతుంది, మూడు వారాలూ చాలవనిపిస్తుంది. తప్పు అంకె తనను తానే నిజం చేసుకుంటుంది. ఇక యంత్రాల శక్తి ఎంతన్నది ఈ లెక్కలో లేనే లేదు. తీగ చుట్టే యంత్రాలు వారానికి 450 మోటార్లకు మించి చేయలేకపోయినా, నాలుగో వారం 500 మొదలెట్టమనే ప్రణాళిక చెబుతుంది. ఆ 50ని మూడో వారానికి జరపడం మనిషి చేయాల్సిన పని. అలా జరిపితే నాలుగో వారం బేరింగుల్లో 100 కూడా ముందుకు వస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

బిల్లులో తప్పుంటే లెక్క ఎంత శుద్ధంగా ఉన్నా ఫలితం చెడుతుంది. మోటారుకు 200 గ్రాముల రాగి తీగ అని జాబితాలో ఉండి, నిజానికి 220 గ్రాములు పడుతోందనుకుంటే, 500 మోటార్ల విడతకు 10 కిలోలు చిట్టాకు తెలియకుండా ఖర్చవుతాయి. కంప్యూటరు ఉందనే తీగ గోదాములో ఉండదు. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. భౌతికంగా లెక్కపెట్టిన ప్రతిసారీ తేడా ఒకే వైపు వస్తుంటే, ఎప్పుడూ తక్కువే తేలుతుంటే, అనుమానించాల్సింది బిల్లును. తేడా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంటే తప్పు రాతకోతల్లో ఉంది. గోదాము సిబ్బంది మీద అరిచేముందు ఈ తేడా చూసుకోవడం మంచిది.

సేఫ్టీ స్టాక్ ఎక్కడ ఉండాలన్నదే మిగిలిన ప్రశ్న. ఫ్యాన్ల దగ్గర అనిశ్చితి నిజమైనది, డీలర్ల గిరాకీ ఎవరికీ ముందు తెలియదు, కాబట్టి అక్కడి 100కు అర్థముంది. బేరింగుల దగ్గర సరఫరాదారు మీద భయం ఉంది, కాబట్టి అక్కడి 200కూ కొంత అర్థముంది. అతను ఎన్ని పంపుతాడన్నదానికన్నా ఎప్పుడు పంపుతాడన్నదే భయమైతే, అంకెకు బదులు కొన్ని రోజులు ముందుగా తెప్పించుకోవడం మేలు. మధ్యలో ఉన్న మోటార్ల సంగతి అలా కాదు. వాటి గిరాకీ లెక్కకట్టినది, వాటిని చేసేది సొంత షాపే. పరీక్షలో కొన్ని మోటార్లు తేలిపోతుంటే, ఆ శాతాన్ని బిల్లులోనే తరుగుగా కలపాలి తప్ప నిల్వగా దాచకూడదు. అయినా అక్కడ 50 పెట్టారు. ఆ 50 తీసేసి లెక్క మళ్లీ కడితే, మూడో వారం మొదలెట్టాల్సిన మోటార్లు 400కు బదులు 350 అవుతాయి, బేరింగులు 700 అవుతాయి, నాలుగో వారం చివర 200 మిగులుతాయి, 2000 ఆర్డరు పెట్టాల్సిన తేదీ ఈ వారానికి వస్తుంది. సరఫరాదారు తప్పేమీ లేదు, డీలరు తప్పూ లేదు. ఆలస్యం అని కనిపించినదంతా మోటారు గడిలో ఎవరో వేసి మరిచిపోయిన 50 వల్ల వచ్చింది.